మూడేళ్లు ఉందనుకున్నాను, చేతిలో మిగిలింది పన్నెండు రోజులు

2022 ఆగస్టు 30, మంగళవారం. మర్నాడు వినాయక చవితి. షిఫ్ట్ దిగి పంచ్ కొట్టి గేటు దగ్గరకు వచ్చాను. సెక్యూరిటీ అతను నా మొహం చూడకుండా, "హెచ్ఆర్‌లోకి ఒకసారి రమ్మంటున్నారు" అన్నాడు. లోపల ఒక కవరు ఇచ్చి, అందినట్టు రెండో కాపీ మీద సంతకం పెట్టమన్నారు. డిస్మిసల్ ఆర్డర్. అదే తేదీ నుంచి అమలు. తొమ్మిదేళ్ల సర్వీసు ఒక పేజీన్నరలో అయిపోయింది.

నేను మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ మెషిన్ ఆపరేటర్‌ని. ఆ జూన్‌లో ఒక బ్యాచ్‌కి ఫాయిల్ సరిగా అతుక్కోక మొత్తం సరుకు పక్కన పెట్టేశారు. మెషిన్ హీటర్ వేడి నిలకడగా లేదని నేను అంతకు ముందే లాగ్ పుస్తకంలో రాశాను, సూపర్‌వైజర్‌కి నోటితోనూ చెప్పాను. అయినా చార్జ్ మెమో నాకూ, నా పక్కన హెల్పర్‌గా పనిచేసే తమ్ముడికీ వచ్చింది. ఎంక్వైరీ ఒకే పూటలో ముగించారు. లాగ్ పుస్తకం తెప్పించమని అడిగితే "అది తర్వాత చూద్దాం" అన్నారు. తమ్ముడిని జూలై 18నే తీసేశారు. నా వంతు ఆగస్టు 30న వచ్చింది. ఈ రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి. తర్వాత మా ఇద్దరి దారులూ వేరైంది ఈ తేడా వల్లే.

ఆ రాత్రి ఇంట్లో చెప్పలేదు. పిల్లలు పత్రి కడుగుతూ ఉన్నారు. పండగ దాటాక మా ఆవిడకు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. కవరు తీసుకుని, పైన ఉన్న తేదీ కనపడేలా మడిచి, రేషన్ కార్డులుండే ఫైల్లో పెట్టింది. అంత జాగ్రత్త నేను చూపలేదు. మూడేళ్ల తర్వాత లాయర్ గారు మొదట అడిగింది ఆ కాగితమే.

సెప్టెంబర్ మొదటి వారంలో హెచ్ఆర్ మేనేజర్‌ని కలిశాను. ఆయన చాలా మంచిగా మాట్లాడారు. "హెడ్ ఆఫీసుకి అప్పీలు పెట్టుకో. నీ రికార్డు బాగుంది, నేను చెప్తాను. కానీ లేబర్ ఆఫీసుకీ కోర్టుకీ వెళ్లావంటే మాత్రం నా చేతుల్లో ఉండదు" అన్నారు. సెప్టెంబర్ 12న అప్పీలు ఇచ్చాను. అక్కడి నుంచి మొదలైంది ఎదురుచూపు. దసరా తర్వాత అన్నారు. సంక్రాంతి తర్వాత అన్నారు. 2023లో ఆడిట్ ఉంది, అది అయ్యాక అన్నారు. 2024లో ఆ మేనేజరే ఉద్యోగం మారిపోయారు. కొత్తగా వచ్చినాయన నా అప్పీలు కాగితం ఫైల్లో లేదన్నారు. నా దగ్గర దాని జిరాక్స్ ఉంది గానీ, వాళ్లు తీసుకున్నట్టు ముద్ర లేదు. చేతికిచ్చి వచ్చేశాను, రశీదు అడగాలని తోచలేదు.

నన్ను నిలువునా మోసగించారని అనను. ఆ మొదటి మేనేజర్‌కి నిజంగానే నన్ను తీసుకోవాలని ఉండి ఉండొచ్చు. కానీ ఒక మాట అప్పుడు ఎవరూ చెప్పలేదు: కంపెనీ లోపల పెట్టుకున్న అప్పీలు నడుస్తోంది కదా అని లేబర్ కోర్టుకి వెళ్లడానికి చట్టం పెట్టిన మూడేళ్ల గడువు ఆగదు. నేను ఎదురుచూసిన ప్రతి రోజూ ఆ మూడేళ్లలోంచే పోయింది.

ఇంకో పొరపాటు, మంచి మనసుతో ఇచ్చిన సలహా వల్ల జరిగింది. మా ఏరియాలో పాత యూనియన్ నాయకుడు ఒకాయన ఉన్నారు, అందరం పెద్దన్నా అంటాం. 2023లో ఆయన్ని అడిగితే, "లేబర్ కోర్టుకి గడువేమీ లేదురా, పదేళ్ల తర్వాత వేసిన కేసులు గెలిపించాం. ముందు వాళ్లతో మాట్లాడుకో" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో పారిశ్రామిక వివాదాల చట్టానికి ఒక సవరణ తెచ్చుకున్నాం. ఉద్యోగంలోంచి తీసేసిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చని అందులో ఉంది, ఎన్నాళ్లలోపు అన్నది లేదు. పెద్దన్న నడిపిన కేసులన్నీ ఆ రోజులవి. 2010 సెప్టెంబర్ 15 నుంచి కేంద్ర సవరణ అమల్లోకి వచ్చింది. అందులో మూడేళ్లని స్పష్టంగా రాశారు. ఆయనకు ఆ సంగతి చేరలేదు, ఆయన ద్వారా నాకూ చేరలేదు.

ఈలోగా ఒక గోడౌన్‌లో కాంట్రాక్ట్ మీద చేరాను, పాత జీతంలో సగం కంటే కాస్త ఎక్కువ. మూడేళ్లు అన్న మాట మొదటిసారి చెవిన పడింది 2025 జూన్ చివర్లో. గోడౌన్‌లో తోటి పనివాడొకడు వాళ్ల బావ కేసు గురించి చెబుతూ, "మూడేళ్లు దాటితే కోర్టు తీసుకోదు" అన్నాడు. ఇంటికొచ్చి ఫైల్ తీసి ఆర్డర్ చూశాను. ఆగస్టు 30. లెక్క వేసుకుంటే ఇంకా రెండు నెలలుంది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి ఊరటగా పడుకున్నాను.

జూలై 2, బుధవారం. లేబర్ కేసులు చూసే లాయర్ గారి దగ్గరకు వెళ్లాను, తమ్ముణ్ణీ తీసుకెళ్లాను. ఆయన ఆర్డర్ చదివి, గోడకున్న క్యాలెండర్ తీసి బల్ల మీద పెట్టారు. ఆగస్టు 29 మీద వేలు పెట్టి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. జూలై 14 దగ్గర ఆగి, పెన్సిల్‌తో సున్నా చుట్టారు.

"నీకు రెండు నెలల్లేవు, పన్నెండు రోజులున్నాయి" అన్నారు.

ఆయన చెప్పింది ఇదీ. లేబర్ కోర్టుకి మనం నేరుగా పరుగెత్తలేం. ముందు లేబర్ డిపార్ట్‌మెంటులో రాజీ కుదిర్చే కన్సిలియేషన్ ఆఫీసర్‌కి దరఖాస్తు ఇవ్వాలి. మా దగ్గర ఆ పని చేసేది అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ లేబర్. అక్కడ ఇచ్చిన తేదీ నుంచి 45 రోజులు గడవాలి. ఆ తర్వాతే కోర్టులో వేసుకునే హక్కు వస్తుంది. కానీ మూడేళ్ల గడువు చూసేది లేబర్ ఆఫీసులో ఇచ్చిన తేదీకి కాదు, కోర్టులో వేసిన తేదీకి. అంటే పేరుకు మూడేళ్లయినా, చేతికొచ్చేది మూడేళ్లలో 45 రోజులు తక్కువ. ఆర్డర్ తేదీని లెక్కలోంచి తీసేస్తే ఆగస్టు 30 దాకా ఉందని వాదించొచ్చు, కానీ అది శనివారం, అలాంటి వాదన మీద కేసు నిలబెట్టకూడదు, మనకు 29 శుక్రవారమే చివర అన్నారు. 29న వేయాలంటే 28కి 45 రోజులు నిండాలి, నిండాలంటే జూలై 14లోపు లేబర్ ఆఫీసులో ముద్ర పడాలి.

నా సంగతి అయ్యాక తమ్ముడి ఆర్డర్ తీసుకున్నారు. 2022 జూలై 18. ఆయన క్యాలెండర్ వైపు కూడా చూడలేదు. కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "ఇంకా పదిహేను రోజులుంది కదండీ" అన్నాడు తమ్ముడు. "ఉంది నాన్నా. కానీ ఈ రోజు దరఖాస్తు ఇచ్చినా 45 రోజులు నిండేసరికి ఆగస్టు మధ్యకొస్తాం. నీ మూడేళ్లు జూలై 17కి అయిపోతాయి. మే చివర్లో వచ్చి ఉంటే సరిపోయేది" అన్నారు. ఒక నెల. గడువు ఇంకా దాటలేదు, అయినా కోర్టు తలుపు అప్పటికే మూసుకుంది. ఆ గదిలో మాకెవ్వరికీ మాట రాలేదు. మేమిద్దరం ఒకే మెషిన్ మీద నిలబడ్డాం, ఒకే బ్యాచ్‌కి శిక్ష పడింది.

వాడికి ఇంకే దారీ లేదా అని అడిగాను. ఒకటుందన్నారు. కన్సిలియేషన్ కుదరకపోతే ఆఫీసర్ ఆ సంగతి ప్రభుత్వానికి రాస్తారు, ప్రభుత్వం తలచుకుంటే వివాదాన్ని లేబర్ కోర్టుకి పంపొచ్చు. దానికి మూడేళ్లన్న గీత లేదు. అయితే అది మన చేతిలో ఉండే హక్కు కాదు. ఇన్నాళ్లు ఊరుకున్నావు, ఈ వివాదం ఇంకా బతికి ఉందా అని ప్రభుత్వమూ అడగొచ్చు, తర్వాత కోర్టూ అడగొచ్చు. అయినా ఇద్దరి దరఖాస్తులూ పెడదామన్నారు.

ఫీజు పదిహేను వేలు, మూడు విడతల్లో. మొదటి ఐదు వేలు మా ఆవిడ చిట్టీ డబ్బులోంచి తెచ్చింది.

జూలై 7, సోమవారం లేబర్ ఆఫీసుకి వెళ్లాం. ఆఫీసర్ క్యాంపులో ఉన్నారన్నారు. ఇన్‌వర్డ్‌లో ఇచ్చి వెళ్తామంటే, ఆర్డర్ కాపీ సరిగా కనపడటం లేదు, మంచి జిరాక్స్ తెమ్మన్నారు. తెచ్చేసరికి ఆ సీటు మనిషి లేరు. 8న నాకు గోడౌన్‌లో సెలవు దొరకలేదు. 9న దేశమంతా కార్మిక సంఘాల సమ్మె, వెళ్లినా లాభం ఉండదని ఆగిపోయాం. ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు. మూడేళ్లు ఊరికే పోగొట్టినవాణ్ణి మూడు రోజులకు గిలగిలలాడాను. జూలై 10, గురువారం ముద్ర పడింది. మన కాపీ మీద గుండ్రటి సీలు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు, గుమాస్తా పొట్టి సంతకం. లాయర్ గారు ముందే చెప్పారు: "ముద్రలో తేదీ మసకగా పడితే అక్కడే మళ్లీ వేయించుకో, బయటికొచ్చాక ఎవరూ వేయరు." నిజంగానే మొదటిసారి సున్నా సగమే పడింది. అడిగితే విసుక్కోకుండా పక్కన ఇంకోటి వేశారు. ఆ రెండో ముద్రే నన్ను కాపాడింది, ఎలాగో చెప్తాను.

కన్సిలియేషన్ అంటే అక్కడే ఏదో తీర్పు వస్తుందని నేను ఆశపడ్డాను. అలా ఉండదు. ఆఫీసర్ రెండు పక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదురుతుందేమో చూస్తారు, అంతే. జూలై 24న మొదటి పేషీ, కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. ఆగస్టు 7న ఒక ఆఫీసర్ వచ్చి రికార్డులు చూసుకోవాలి, టైం కావాలన్నారు. తర్వాతి తేదీ ఆగస్టు 28 వేశారు. నాకు గుండె జారింది, 28 దాకా ఆగితే ఇంకేం మిగులుతుందని. లాయర్ గారిని అడిగితే, "వాళ్ల రిపోర్టు కోసం మనం ఆగక్కర్లేదు. 45 రోజులు దాటడమే మనకు కావలసింది, చర్చ నడుస్తున్నా సరే" అన్నారు. ఇది చాలామందికి తెలియదు. మా గోడౌన్‌లో చెప్పిన ఆ బావ గారు కూడా రిపోర్టు కోసం ఆరు నెలలు కూర్చున్నారట.

జూలై 10 నుంచి 45 రోజులంటే ఆగస్టు 24, ఆదివారం. అంతకు ఒక్కరోజు ముందు వేసినా తొందరపడ్డావని తిప్పి పంపొచ్చు. అంటే మాకు 25 సోమవారం, 26 మంగళవారం, 28 గురువారం, 29 శుక్రవారం. మధ్యలో 27 బుధవారం వినాయక చవితి, సెలవు. ఆర్డర్ అందిన మర్నాడు వచ్చిన పండగే మళ్లీ వచ్చి అడ్డంగా నిలబడింది. మొత్తం నాలుగు పనిదినాలు.

25న ఉదయం పదిన్నరకే కోర్టు దగ్గర ఉన్నాను. దరఖాస్తు, అఫిడవిట్, వకాలత్, కాగితాల జాబితా అన్నీ లాయర్ గారు వారం ముందే సిద్ధం చేశారు. అఫిడవిట్‌లో నేను గోడౌన్‌లో పనిచేస్తున్న సంగతి కూడా రాయించారు. దాస్తే మంచిదేమో అని నేను గొణిగితే, "పీఎఫ్ ఖాతా చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. అప్పుడు నువ్వు చెప్పిన మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు" అన్నారు. ఆ రోజు ఫైలింగ్‌లో ఇచ్చాం. 26 మధ్యాహ్నం ఫోన్: రిటర్న్ వేశారు. పేజీ నంబర్లలో ఒకటి తప్పింది, లేబర్ ఆఫీసు దరఖాస్తు కాపీలో తేదీ చదవడానికి రావడం లేదు. జిరాక్స్ తీసినప్పుడు మొదటి ముద్ర, రెండో ముద్ర రెండూ మసకబారాయి.

చవితి రోజంతా నేను పూజలో ఉన్నానే గానీ మనసు లేదు. అసలు కాగితం ఎక్కడ పెట్టానో అన్న భయం. మా ఆవిడే ఫైల్ తెచ్చి ముందు పెట్టింది. నీలం సిరాతో పడిన రెండో ముద్ర చాలా స్పష్టంగా ఉంది: 10 జూలై 2025. దాన్ని కలర్‌లో కాపీ తీయించి, 28 ఉదయం అసలుతో సహా పట్టుకెళ్లాం. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ ఇచ్చాం. ఒక్క రోజు మిగిలి ఉండగా తీసుకున్నారు. 25న మొదట ఇచ్చిన తేదీనే లెక్కలోకి తీసుకుంటారని లాయర్ గారు ధైర్యం చెప్పారు గానీ, 29 దాటకుండా లోపలికి వెళ్లాకే ఆయన కూడా టీ తాగారు.

సెప్టెంబర్‌లో నంబరు పడింది, కంపెనీకి నోటీసు వెళ్లింది. నవంబర్‌లో వాళ్ల కౌంటర్ వచ్చింది. పద్నాలుగు పేరాల్లో మూడు ఆలస్యం గురించే. ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడు వచ్చాడు, గడువు దాటింది, ఉద్యోగం మీద ఆసక్తి లేదు అని. గడువు దాటలేదని ముద్రలే చెబుతాయి. కానీ ఆలస్యం వల్ల జరిగే నష్టం గడువుతో అయిపోదని నాకు అప్పుడు అర్థమైంది. గెలిచినా, నేను ఊరుకున్న కాలానికి పాత జీతం కోర్టు తగ్గించొచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు. సుప్రీంకోర్టు 1999లో ఒక సహకార సంఘం కార్మికుడి కేసులో ఆలస్యమైందని వివాదాన్ని కొట్టేయకుండా, ఆలస్యమైన కాలానికి జీతం మాత్రం కత్తిరించిందని లాయర్ గారు చెప్పారు. నా రెండేళ్ల పది నెలల విలువ అది.

దానికన్నా నన్ను కుంగదీసింది లాగ్ పుస్తకం. తెప్పించమని పిటిషన్ వేశాం. అంత పాత పుస్తకాలు తమ దగ్గర ఉండవని జవాబిచ్చారు. 2022 సెప్టెంబర్‌లోనే అడిగి ఉంటే ఆ మాట అనగలిగేవారా? హీటర్ బాగుచేసిన మెకానిక్ ఉద్యోగం మానేసి వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు. సూపర్‌వైజర్ అక్కడే ఉన్నాడు గానీ నాకోసం ఎందుకు చెబుతాడు? మెకానిక్ ఫోన్ నంబరు ఒక పాత గ్రూపులో దొరికింది. వస్తానన్నాడు, దారి ఖర్చులు నేను పెట్టుకోవాలి.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగం పోయినవాళ్లు నా మూడేళ్ల లెక్క పట్టుకోవద్దు. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. వివాదం పుట్టిన రెండేళ్ల తర్వాత కన్సిలియేషన్ ఆఫీసర్ దాన్ని చేపట్టకూడదని అందులో ఉంది. రాజీ కుదరలేదని రిపోర్టు అందాక ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి 90 రోజులు. పెద్దన్నకు ఈ మాట నేనే వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "తమ్ముడికి నేనే అన్యాయం చేశాను కదరా" అన్నారు. కాదని చెప్పాను. ఆయన మాత్రం ఆ వారం నుంచి తన దగ్గరకు వచ్చేవాళ్లని మొదట ఆర్డర్ తేదీ అడుగుతున్నారు.

తమ్ముడి కన్సిలియేషన్ కుదరలేదని అక్టోబర్‌లో ప్రభుత్వానికి రిపోర్టు వెళ్లింది. ఇంకా జవాబు లేదు. పదిహేను రోజులకోసారి వెళ్లి అడిగి వస్తున్నాడు. నా కేసులో మెకానిక్ సాక్ష్యానికి వచ్చే నెల వాయిదా. అతనికి రైలు టికెట్ తీసి పంపాను.